పెళ్లి వీడియోలో పసుపు, నీలం

రుద్రారంలో పగటిపూట పెళ్లి అనుకుందాం. ఫంక్షన్ హాల్ మండపం మీద పసుపు బల్బులు, సుమారు 3200 కెల్విన్. కిటికీలోంచి పగటి వెలుగు, 5600 దగ్గర. వీడియోలో వరుడి తెల్ల పంచె ఒకవైపు పసుపుగా, మరోవైపు నీలంగా కనిపిస్తుంది.

ఫ్రేమంతటికీ వైట్ బ్యాలెన్స్ మారిస్తే బల్బు వైపు తేరుకుంటుంది, కిటికీ వైపు ఇంకా నీలమవుతుంది. అందుకే ఎడిటర్ ముందు ముఖాల మీది వెలుగుకు సరిచేస్తాడు. తర్వాత కిటికీ వైపు అంచులు మెత్తని మాస్క్ గీసి, అక్కడే టెంపరేచర్‌ను పసుపు వైపు జరుపుతాడు. కెమెరా కదిలితే మాస్క్‌ను ట్రాక్ చేయాలి.

తెలుపు గుర్తుగా పంచెనే తీసుకోవాలి. పసుపు కలిపిన తలంబ్రాల మీద ఐడ్రాపర్ పెడితే ముఖాలు నీలంగా పాలిపోతాయి!

పంచె దగ్గర ఆర్‌జీబీ పరేడ్‌లో మూడు రంగులూ ఒకే ఎత్తుకు వస్తే సరిపోయినట్టే. పసుపు మరీ గాఢమైతే నీలాన్ని బాగా పెంచాల్సి వస్తుంది, అప్పుడు నీడల్లో చుక్కలు తేలతాయి.