పోలిగాడి ముఖం

ఈ సభలో చర్చకు పెట్టుకున్న విషయం చూడటానికి చిన్నది. కథలో చెడ్డవాడు ఎందుకు ఎప్పుడూ వికారంగా ఉంటాడు? మంచి పిల్ల ఎందుకు ఎప్పుడూ అందగత్తె? దీనికి జవాబు వెతుక్కుంటూ గ్రిమ్ కథల జర్మనీ దాకా పోనక్కర్లేదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట దాకా పోతే చాలు.

నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు దేవతల బొమ్మలకు జింక తోలు వాడేవారు, మిగిలిన పాత్రల్లో చాలావాటికి మేక తోలు. అంటే రంగు వేయకముందే, ముఖం గీయకముందే దేవతలకు ఒక చర్మం, తక్కినవాళ్ళలో చాలామందికి ఇంకొక చర్మం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు రాముడైనా రావణుడైనా మేక తోలులోంచే పుడుతున్నారు.

ముఖాల తేడాకు మాత్రం వృత్తిలోనే ఒక కారణం ఉంది. రాత్రిపూట తెర వెనక దీపం, తెర ముందు ఊరంతా. చివరి వరుసలో తల్లి ఒడిలో కూర్చున్న పిల్లవాడు కూడా తెర మీదికి వచ్చింది ఎవరో క్షణంలో గుర్తుపట్టాలి. అందుకే రాముడికి నీలం రంగు, కోటేరు ముక్కు, పెద్ద కన్ను. రాక్షసుడికి కోరలు, గుడ్లురిమే చూపు. కార్టూన్ గీసేవాళ్ళకు ఉన్న ఇబ్బందీ ఇదే. బొమ్మ నోరు తెరవకముందే చూసేవాడికి సంగతి అర్థమైపోవాలి. ఇందులో ఎవరి కుట్రా లేదు. కానీ గుర్తు కోసం పెట్టిన కోర, పిల్లవాడి లెక్కలో నేరానికి సాక్ష్యమవుతుంది.

శూర్పణఖ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. వాల్మీకి అరణ్యకాండలో ఆమె తన సొంత రూపంతోనే రాముడి దగ్గరికి వస్తుంది. అక్కడ కవి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అంగాంగం పోల్చాడు. ఆయనది చక్కని ముఖం, ఈమెది వికార ముఖం. ఆయనది సన్నని నడుము, ఈమెది పెద్ద పొట్ట. ఆయనవి విశాలమైన కళ్ళు, ఈమెవి వంకర కళ్ళు. ఆయన జుట్టు అందమైనది, ఈమెది రాగి రంగు. ఇంత జాబితా అయ్యేదాకా ఆమె చేసిన తప్పేమీ లేదు. సీత మీదికి ఉరకడం ఆ తర్వాతి మాట. తీర్పు ముందు వచ్చింది, నేరం వెనక వచ్చింది.

తమిళంలో కంబడు ఆమెను అందగత్తె వేషంలో నడిపించుకొచ్చాడు. దాంతో కథ బరువు మారిపోయింది. అక్కడ అందమే అనుమానించాల్సిన వస్తువు. మన కాలానికి వస్తే ఓల్గా ‘విముక్త’ సంపుటిలోని ‘సమాగమం’లో, ముక్కుచెవులు పోయిన శూర్పణఖ తోట పెంచుకుంటూ సీతకు ఎదురవుతుంది. ఆ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. కోసిన ముక్కు అక్కడ దుర్మార్గానికి గుర్తు కాదు, ఒక మనిషికి తగిలిన గాయం. పిల్లల పుస్తకాల్లో మాత్రం ఆ కోసిన ముక్కు ఇప్పటికీ నవ్వించే బొమ్మే.

బయటి దేశాల్లో దీన్ని లెక్కవేసి చూసినవాళ్ళున్నారు. లోరీ బేకర్-స్పెరీ, లిజ్ గ్రావర్‌హోల్జ్ అనే పరిశోధకులు 168 గ్రిమ్ కథలను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. 31 శాతం కథల్లో అందం మంచితనంతో జతపడింది, 17 శాతం కథల్లో అనాకారితనం చెడుతో జతపడింది. మిగిలిన కథలు ఈ ముడి వేయలేదన్న సంగతి కూడా గమనించాలి. జానపద కథలన్నీ ఇంతే అనడం తొందరపాటు. ముడి బిగించినవాటిలో సినిమా ఒకటి. 1937లో డిస్నీ తీసిన ‘స్నో వైట్’లో రాణి అందగత్తే. కానీ విషపు యాపిల్ ఇచ్చే వేళకు ఆమె ముక్కు మీద పులిపిరి, నోట్లో ఒకటే పన్ను. అందమైన చేత్తో విషం ఇప్పించడానికి చిత్రకారులకు మనసు ఒప్పలేదు కాబోలు.

పిల్లలు ఇదంతా కథల్లోంచే నేర్చుకుంటున్నారా? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. జుడిత్ లాంగ్లాయ్ బృందం 1987లో చూపినదాని ప్రకారం, రెండు మూడు నెలల పసికందులు కూడా పెద్దలు అందమైనవని చెప్పిన ముఖాలనే ఎక్కువసేపు చూస్తారు. ఆ వయసుకు వాళ్ళు ఏ కథా విని ఉండరు. కాబట్టి చూపు నిలవడం పుట్టుకతోనే ఉండొచ్చు. కానీ చూపు నిలిచిన ముఖం మంచిది, నిలవనిది చెడ్డది అన్న మాట పసిబిడ్డ అనదు. అది తర్వాత ఎవరో చెప్పాలి.

చెప్పేవాళ్ళు ఎలా ఉంటారో కేరన్ డయన్ 1972లో చేసిన ప్రయోగం చూపిస్తుంది. ఏడేళ్ళ పిల్లలు చేసిన తప్పుల వివరాలకు ఒక్కొక్క ఫొటో జతచేసి కాలేజీ అమ్మాయిలకు ఇచ్చారు. తప్పు పెద్దదైనప్పుడు, ఫొటోలోని ముఖం అందంగా ఉంటే ‘ఏదో ఒక్కరోజు అలా చేసి ఉంటాడు’ అన్న ధోరణి కనిపించింది. ముఖం అందంగా లేకపోతే ‘వాడి బుద్ధే అంత’ అన్న ధోరణి. పిల్లల బుర్రలో కథ నాటిన విత్తనం అంటాం గానీ, ఇక్కడ మొలక కనిపించింది పెద్దల బుర్రలో. బడిలో హాజరు పుస్తకం పట్టుకున్నవాళ్ళకు ఈ ప్రయోగం గుర్తుండటం మంచిది.

మళ్ళీ నిమ్మలకుంట బొమ్మల దగ్గరికి. రామరావణులు మాత్రమే ఉంటే తోలుబొమ్మలాటనూ ఆ గ్రిమ్ లెక్కలో కలిపేయొచ్చు. కానీ తెర మీదికి ఇంకో ముగ్గురు వస్తారు: జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు. వీళ్ళలో అందగాళ్ళు లేరు. ఆకారం చూస్తేనే నవ్వొస్తుంది. మోటుమాటలు, సరసాలు, మొగుడూపెళ్ళాల కొట్లాటలు. యుద్ధం మధ్యలో దూరి ఊరి సంగతులు ఎత్తుకుంటారు, పెద్దమనుషుల మీద చురకలు వేస్తారు. రాముడికి లేని స్వేచ్ఛ పోలిగాడికి ఉంది. అనాకారి అంటే దుర్మార్గుడు అన్న సూత్రాన్ని పిల్లలు నేర్చుకునే తెర మీదే, ఆ సూత్రానికి లొంగని ముఖం ఒకటి గంతులేస్తుంటుంది.

మన పిల్లల సాహిత్యంలో పోలిగాడి వంశం ఇంకా ఉంది. 1947లో మొదలైన ‘చందమామ’లో శవంలో దూరిన బేతాళుడు చూడటానికి భయం పుట్టిస్తాడు, కానీ న్యాయం గురించి చిక్కు ప్రశ్న వేసేది అతనే. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. అప్పుడు సావిత్రి ముఖం అంతే అందం, నడక మాత్రం గదాధారిది. ఆ కాసేపూ పిల్లలు నవ్వుతూనే ముఖాన్నీ మనిషినీ విడదీసి చూస్తారు. ఏ నీతిపాఠమూ అంత సులువుగా ఆ పని చేయించలేదు.

కథ రాసేవాళ్ళకు ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. రాసిన కథలోంచి రూపం మాటలన్నీ, గూని, మెల్లకన్ను, నల్లని, తెల్లని, కొట్టేసి పిల్లలకు చదివి వినిపించాలి. దొంగ ఎవరో వాళ్ళు అప్పుడు కూడా చెప్పగలిగితే కథ నిలిచినట్టు. చెప్పలేకపోతే ఆ పాత్ర ఏమీ చేయలేదన్నమాట, దాని ముఖమే అన్నీ చేసింది.

ఇక నిమ్మలకుంటలో ఆటలు తగ్గాయి. కళాకారులు అదే తోలుతో దీపపు తొడుగులు చేసి అమ్ముతున్నారు. తొడుగు మీద రాముడు కూర్చోగలడు, నెమలి కూర్చోగలదు, పూలతీగ పాకగలదు. పోలిగాడు కూర్చున్నా అక్కడ అతనికి మాట ఉండదు. మాటలే అతని ప్రాణం. నోరు మూయించి దీపం చుట్టూ అతికిస్తే, కొన్నవాళ్ళ ఇంటి పిల్లలకు అతను ఒట్టి వికారపు బొమ్మగానే కనిపిస్తాడు.