నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి టీకా తేదీ ఎక్కడి నుంచి లెక్కేయాలి?

నేను ఏలూరులో నర్సుగా పనిచేస్తున్నాను. ఈరోజు వీడియో మా ఇంట్లో వచ్చిన ఒక లెక్క గురించి. ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి పెట్టుకోండి, నాతో పాటు మీరూ లెక్కేయొచ్చు.

మా పిన్ని కూతురిది తాడేపల్లిగూడెం అత్తారిల్లు. డాక్టర్ ఇచ్చిన డెలివరీ డేట్ 2025 ఏప్రిల్ 28. బాబు మాత్రం ఎనిమిది వారాల ముందే, మార్చి 3న, సోమవారం నాడు ఏలూరులో పుట్టేశాడు. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచి పంపాక, కొల్లేరు లంకల్లో ఉన్న పుట్టింటికి తీసుకెళ్లారు. ఏప్రిల్ రెండో వారంలో నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఆశా అమ్మ వచ్చి సూదికి రమ్మంటోంది. వీడికి ఇంకా నెలలే నిండలేదు కదా! ఏప్రిల్ 28 నుంచి ఆరు వారాలు లెక్కేసి అప్పుడు వేయిస్తాలే."

"ఆ లెక్క ఎవరు చెప్పారే?"

"డాక్టర్ గారే అక్కా. వయసు డెలివరీ డేట్ నుంచి లెక్కేసుకోమన్నారు."

డాక్టర్ చెప్పింది తప్పు కాదండి. మెడ ఎప్పుడు నిలుపుతాడు, ఎప్పుడు కూర్చుంటాడు అని చూసేటప్పుడు డెలివరీ డేట్ నుంచే లెక్క. టీకాకి మాత్రం పుట్టిన రోజు నుంచే లెక్క. తల్లి నుంచి బిడ్డకి వచ్చే రక్షణ ఎక్కువగా గర్భం చివరి వారాల్లో వస్తుంది. ముందే పుట్టిన బిడ్డకి అది తక్కువే అందుతుంది. కోరింత దగ్గులాంటిది వస్తే వీళ్లకే ఎక్కువ ప్రమాదం. అంటే టీకా ఎక్కువ అవసరమైన బిడ్డకే మనం ఆలస్యం చేస్తున్నాం అన్నమాట. చిన్నగా ఉన్నాడని డోసు కూడా తగ్గించరు. బిడ్డ ఆరోగ్యం నిలకడగా లేకపోతే ఎప్పుడు వేయాలో డాక్టర్ చెబుతారు. అంతేగానీ డెలివరీ డేట్ కోసం ఆగక్కర్లేదు.

ఇప్పుడు తేదీలు చూద్దాం. ఆరు వారాలంటే 42 రోజులు. సోమవారం పుట్టాడు కాబట్టి వారాల లెక్క ఎప్పుడూ సోమవారం మీదే పడాలి. పడకపోతే లెక్క తప్పినట్టే. మార్చి 3 నుంచి ఆరు వారాలకి ఏప్రిల్ 14, పది వారాలకి మే 12, పద్నాలుగు వారాలకి జూన్ 9.

మరి మా చెల్లి లెక్క ప్రకారం? ఏప్రిల్ 28 నుంచి ఆరు వారాలు, అదీ జూన్ 9నే! అంటే మూడో డోసు పడాల్సిన రోజున మొదటి డోసు వేయించేది. ఇది చెప్పగానే అటువైపు కాసేపు మాట లేదు.

ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి, సెలవు. మన దగ్గర టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు కదా, 16న బుధవారం వేయించింది. ఇక్కడో చిన్న జాగ్రత్త. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు వారాలు, అంటే 28 రోజులు ఉండాలి. మొదటిది రెండు రోజులు ఆలస్యమైంది కాబట్టి రెండోది మే 12న కాదు, మే 14న. మూడోది జూన్ 11న. అన్నీ బుధవారాలే, చూశారా! ఒకవేళ డోసు బాగా ఆలస్యమైనా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టరు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు.

తర్వాత తట్టు, రుబెల్లా టీకా. దీనికి వారాల లెక్క వద్దు, నెలల లెక్కే. నెలకి నాలుగు వారాలే కదా అని తొమ్మిది నెలల్ని 36 వారాలు చేస్తే నవంబర్ 10 వస్తుంది. అసలు తేదీ డిసెంబర్ 3. ఇరవై మూడు రోజుల తేడా! అలాగే మన ఇళ్లల్లో "తొమ్మిదో నెల పడింది" అంటారు. అది నవంబర్ 3నే పడుతుంది, అప్పటికి నిండినవి ఎనిమిదే. కావాల్సింది "తొమ్మిది నెలలు నిండాయి" అన్న మాట. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉంటే ఈ టీకా సరిగా పనిచేయదు. అందుకే తొమ్మిది నిండకముందు పడితే దాన్ని లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ వేస్తారు. రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య. ఈ బాబుకి 16 నెలలు నిండేది 2026 జూలై 3న.

ఇప్పుడు మీ టీకా కార్డు తీయండి. పుట్టిన తేదీ దగ్గర ఏం రాసుందో చూడండి. అక్కడ డెలివరీ డేట్ ఉంటే కింద తేదీలన్నీ తప్పుతాయి. వెంటనే ఏఎన్ఎం గారితో దిద్దించండి. U-WINలో నమోదైన తేదీ కూడా ఒకసారి సరిచూడమనండి.

మా వాడికి డిసెంబర్ 3న తట్టు టీకా పడింది. ఆరోజూ బుధవారమే. ఉంటానండి.