వేసవి జనాజాలు: రిజిస్టరు చెప్పే లెక్క



ఎండాకాలంలో జనాజాకు వెళ్లినప్పుడు మనం తరచూ వినే మాట ఒకటుంది. "పెద్ద వయసు, ఎలాగూ పోయేవారే, ఎండ ఒక సాకు." ఈ మాట నిజమో కాదో తేల్చే లెక్క ఉంది.

ఒక ఊళ్లో మామూలుగా రోజుకు ముగ్గురు చనిపోతారనుకుందాం. వడగాడ్పుల వారంలో రోజుకు అయిదుగురు పోతే, ఏడు రోజుల్లో 14 మంది ఎక్కువ. వాళ్లు ఎలాగూ పోవలసినవారే అయితే, తర్వాతి వారాల్లో మరణాలు మామూలు కంటే అంతే తగ్గాలి. తగ్గలేదంటే, వాళ్లకు ఇంకా బతికే కాలం ఉందన్నమాట.

ఢిల్లీ, లండన్, సావోపోలో నగరాలను ఇలా పోల్చిన అధ్యయనం 2005లో వచ్చింది. లండన్‌లో వేడి తగ్గిన కొద్ది రోజులకే మరణాలు మామూలు కంటే తగ్గి, లెక్క సరిపోయింది. ఢిల్లీలో మాత్రం పెరుగుదల మూడు వారాల దాకా సాగింది. నాలుగు వారాలు చూసినా లెక్క సరిపోలేదు. అంటే పేదలున్న ఊళ్లలో "ఎలాగూ పోయేవారే" అన్న మాట నిలవదు.

ఇంకో చిక్కుంది. ఎండ వల్ల పోయినవారిలో చాలామందికి వడదెబ్బ అని రాయరు. గుండె అనో, కిడ్నీ అనో రాస్తారు. 2010 మేలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారు. వడదెబ్బగా నమోదైనవి అందులో కొద్దే. ఆ దెబ్బతోనే ఆ నగరం 2013లో వడగాడ్పుల ప్రణాళిక తెచ్చుకుంది. ఎండ ఫలానా డిగ్రీలు దాటుతుందని ముందే తెలిస్తే ఆసుపత్రులకు, వార్డు సిబ్బందికి ఒకేసారి కబురు వెళ్తుంది.

మన ఆర్మూర్‌లో ఆ కబురు ఎవరికి చేరాలి? పసుపు బస్తాలు మోసే హమాలీలకు. రేకుల ఇంట్లో, తంబాకు ఎగిరిపోతుందని ఫ్యాను ఆపి బీడీలు చుట్టే ఆడవాళ్లకు. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలు వేసుకునే ఒంటరి ముసలివారికి. రేకుల ఇల్లు రాత్రి కూడా చల్లబడదు కనుక ఒంటికి తేరుకునే సమయం దొరకదు. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు ఫోనులో వస్తాయి. వీళ్లలో చాలామంది చేతికి ఫోను ఉండదు.

అందుకే దాతలను మేము కోరేది రెండు పనులకు. మొదటిది, గల్లీవారీగా ఇలాంటివారి జాబితా, హెచ్చరిక రోజున పొద్దున, సాయంత్రం తలుపు తట్టే మనుషులు. చలివేంద్రం దగ్గరికి నడవలేనివారికి చలివేంద్రం అక్కరకు రాదు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే తడిబట్టలు చుట్టి, విసురుతూ, వెంటనే 108కు ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

రెండవది, ఖబరస్తాన్ రిజిస్టరులో తేదీతో పాటు వయసు, గల్లీ, ఆ రోజు ఎక్కడున్నారో రాయించడం. ఒక్క ఖబరస్తాన్ లెక్క చిన్నది, దానితోనే ఏదీ తేల్చలేం. మున్సిపాలిటీ మరణాల నమోదుతో కలిపి, ఏటేటా చూస్తే ఏ గల్లీలో ఎండ మనుషులను తీసుకుపోతోందో తెలుస్తుంది. వచ్చే ఏడు ఏ తలుపు ముందు తట్టాలో అదే చెబుతుంది.