రాలేమని రాయడం ఎలా?



నేను సీనియర్ అసిస్టెంటుగా ఉండగా, 1994 మార్చి 29న పెండింగు ఫైళ్లపై సమీక్షా సమావేశమని జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మార్చి 31 దాటితే ఖర్చుకాని నిధులు మురిగిపోతాయి. ఆ బిల్లులన్నీ నా బల్ల మీదే ఉన్నాయి.

"ఆ రోజు వీలుపడదు, త్వరలో హాజరవుతాము" అని చిత్తు రాశాను. మా సూపరింటెండెంటు గారు చూసి, "దీనికి మెమో వస్తుందయ్యా. వాళ్లకు కావలసింది నువ్వా, నీ లెక్కలా?" అన్నారు.

మళ్లీ రాశాను. ముందు వారి ఉత్తరం నంబరు, తేదీ. తరువాత కారణం, ట్రెజరీ బిల్లులు, అదొక్కటే. ఆ వారం మా అమ్మాయికి జ్వరం కూడా వచ్చింది గానీ రాయలేదు. రెండు కారణాలు చెబితే రెండూ అనుమానాస్పదమే! "త్వరలో" కొట్టేసి, ఏప్రిల్ 5 ఉదయం 11 గంటలకు గాని, మధ్యాహ్నం 3 గంటలకు గాని హాజరవుతామని రాశాను. ఈలోగా పరిశీలనకు వివరపట్టిక జతపరిచాను. మొత్తం ఫైళ్లు, పరిష్కారమైనవి, మిగిలినవి. మిగిలిన ప్రతి ఫైలూ ఎవరి దగ్గర, ఎందుకు ఆగిందో. సమావేశంలో అడిగేది ఆ చివరి గడి గురించే కదా.

పై కార్యాలయానికి గుమాస్తా సంతకం చాలదు. మా ఆఫీసరు గారి సంతకంతో 25నే బంట్రోతు చేత పంపి, తపాలా పుస్తకంలో ముట్టినట్టు సంతకం తెప్పించుకున్నాం.

ఏప్రిల్ 5న మమ్మల్ని పిలవనే లేదు. రెండు ఫైళ్ల గురించి ఫోనులో అడిగారు, అంతే. అయితే శాఖాపరమైన విచారణకు పిలిస్తే మాత్రం పట్టికతో సరిపోదు, మనిషి వెళ్లవలసిందే. అలాంటిదొకటి వచ్చినపుడు నేనూ బిల్లులు పక్కవారికి అప్పగించి బస్సెక్కాను.