‘మైనరు క్షేమం కోసం’ అని రాస్తే చాలదు

న్యాయశాస్త్రాన్ని తెలుగులో చెప్పుకోవడానికి కూడిన ఈ సదస్సులో, ఆస్తుల తగాదాల్లో నేను పదే పదే తడబాటు చూసిన ఒక మాటతో మొదలుపెడతాను. ఆ మాట ‘చెల్లదు’.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి నా దగ్గరకు వచ్చారు. భర్త వీలునామా రాయకుండా పోయారు. ఆయన స్వార్జితం రెండెకరాల పొలం ఉంది. కూతురికి పదిహేనేళ్లు, కొడుక్కి పదకొండు. అత్తగారు బతికే ఉన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, తల్లి, పిల్లలిద్దరూ సమాన వారసులు కాబట్టి ఒక్కొక్కరికి అరెకరం వస్తుంది. అంటే ఎకరం పిల్లలది. కొనేవాడు మొత్తానికి 80 లక్షలిస్తానన్నాడు. దస్తావేజు లేఖరి చిత్తు కూడా సిద్ధం చేశాడు. అందులో ‘మైనర్ల క్షేమం, చదువు నిమిత్తం వారి తల్లి, సహజ సంరక్షకురాలు అమ్మడమైనది’ అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం ఉంటే సరిపోతుందని అందరూ నమ్మారు.

సరిపోదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, సహజ సంరక్షకులు మైనరు స్థిరాస్తిని అమ్మాలన్నా, తనఖా పెట్టాలన్నా, ఐదేళ్లకు మించి కౌలుకివ్వాలన్నా ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. ‘ముందుగా’ అన్నదే ఇక్కడ కీలకం. అమ్మాక తెచ్చే ఉత్తర్వు ఈ షరతు తీర్చదు. అనుమతికి కోర్టు చూసేవి రెండే: తప్పనిసరి అవసరం, లేదా మైనరుకు స్పష్టంగా కనిపించే లాభం. తల్లి అవసరం వేరు, పిల్లల అవసరం వేరు. ఆమె తన పేరున ఫ్లాటు కొనుక్కోవాలనుకున్నారు. అది పిల్లల లాభమని చూపడం కష్టమని చెప్పాను.

అందుకని జిల్లా కోర్టులో పిటిషన్ వేశాం. దానికి మరణ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, పాస్‌బుక్, పొలం హద్దులు, చుట్టుపక్కల అమ్మకాల ధరలు, భర్త వైద్యానికి చేసిన అప్పుల కాగితాలు జత చేశాం. కోర్టు బంధువులకు నోటీసులిచ్చింది. పొలానికి నీళ్లు అందక కౌలు దాదాపు రావడం లేదని సాక్ష్యం వచ్చాకే అనుమతి దొరికింది. నిర్ణయించిన ధరకు తగ్గకూడదని, పిల్లల వాటా 40 లక్షలు వారి పేర్ల మీద బ్యాంకులో డిపాజిట్ వేసి రసీదు దాఖలు చేయాలని షరతులు పెట్టింది. ఆ ఉత్తర్వు నంబరు, తేదీ దస్తావేజులోకి ఎక్కాయి. కోర్టు కాదంటే అప్పీలు ఉంది, దొడ్డిదారి వెతకనక్కర్లేదు.

మరి అనుమతి లేకుండా అమ్మితే? ఊళ్లో అందరూ ‘చెల్లదు’ అంటారు. చట్టం అలా అనదు. తల్లో తండ్రో అలా అమ్మితే ఆ అమ్మకం, మైనరుగానీ అతని హక్కుదారుగానీ కోరితే రద్దయ్యేది. వారు కోరేదాకా నిలిచే ఉంటుంది. రద్దు కోరే దావాకు గడువు మైనారిటీ తీరిన నాటి నుంచి మూడేళ్లు. ఆ పదకొండేళ్ల అబ్బాయి లెక్కన, కొన్నవాడి మెడ మీద కత్తి పదేళ్లు వేలాడుతుంది. దావా వేయక తప్పదా అన్న ప్రశ్నకు 2025లో సుప్రీంకోర్టు దావణగెరె స్థలాల కేసులో జవాబిచ్చింది: మేజరయ్యాక అదే ఆస్తిని ఇంకొకరికి అమ్మడం వంటి స్పష్టమైన చర్యతోనూ పాత అమ్మకాన్ని తిరస్కరించవచ్చు.

అదే చిన్నాన్నో, పెదనాన్నో, అక్కో, తాము పెంచుతున్నామన్న ఒక్క కారణంతో అమ్మితే సంగతి వేరు. 11వ సెక్షన్ వారికి అసలు ఆ అధికారమే ఇవ్వలేదు. ఆ అమ్మకం మొదటి నుంచీ శూన్యం. ఒకటి రద్దు చేయదగినది, రెండోది పుట్టుకే లేనిది. రెంటినీ ‘చెల్లదు’ అనే ఒకే ముద్రతో అనువదిస్తే, గడువు దాటబెట్టుకునే పిల్లలు కొందరు, అనవసరంగా భయపడే కొనుగోలుదారులు కొందరు మిగులుతారు. అందుకే మొదటిదానికి ‘రద్దు చేయదగినది’, రెండోదానికి ‘శూన్యం’ అని స్థిరపరుద్దామని ఈ సభను కోరుతున్నాను.

ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పు చేసినవాణ్నవుతాను. అవిభక్త కుటుంబ ఆస్తిలో మైనరుకున్న విభజన కాని వాటాను కుటుంబ యజమాని అమ్మితే 8వ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. అందుకే మొదట అడగవలసిన ప్రశ్న, ఆస్తి తండ్రి స్వార్జితమా, ఉమ్మడిదా అన్నది.

దస్తావేజు లేఖరులకు, కొనేవారికి నా విన్నపం ఒక్కటే. వారసుల్లో పద్దెనిమిదేళ్లు నిండనివారు ఉన్నారని తెలిసిన క్షణాన బయానా కాగితం పక్కన పెట్టి, కోర్టు ఉత్తర్వు నంబరు అడగండి.