ఫోనులో పది ఊళ్ళ మధ్య మన ఊరి పేరు
(దొంతన్‌పల్లిలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మేత గురించి గాని, వెన్న శాతం గురించి గాని మాట్లాడబోవడం లేదు. ఒక క్యాను పాలు ఎట్లా పోయినవో చెబుతాము.

ఒక వేసవిలో శీతలీకరణ యంత్రం చెడిపోయింది. ఏ సంఘంలో ఎన్ని లీటర్లున్నవో తెలుసుకొని వేరే బండ్లు పంపడానికి కార్యదర్శులందరినీ ఒకే ఫోనులో కలిపినారు. మేమూ ఆ వరుసలో ఉన్నాము. ఒకరి వెనుక ఫ్యాను, ఇంకొకరి వెనుక గేదె, మరొకచోట రేకుల కప్పు కింద స్పీకరు పెట్టి మాట్లాడే గుంపు. ఒక కార్యదర్శి గొంతు చించుకొని, “మా పల్లిలో రెండు వందల అరవై” అన్నాడు. రాసుకునేవారికి వినిపించింది “పల్లి”, “రెండు వందల ఇరవై”. ఏ పల్లి అని అడిగితే ముగ్గురు “మేమే” అన్నారు. చివరకు ఊరు తేలింది గాని లెక్క తేలలేదు. బండి 220 లీటర్లకే జాగా ఉంచుకొని వచ్చింది. తేడా 40 లీటర్లు, అంటే సరిగ్గా ఒక క్యాను. సాయంత్రానికి ఆ పాలు కాచి చూస్తే విరిగినవి. ఆ క్యానులో పోసింది ఒకటి రెండు గేదెలున్న వాళ్ళే.

అరవైకి, ఇరవైకి తేడా మొదటి అచ్చు ఒక్కటే. తక్కినదంతా ఒకటే ధ్వని. మాట తెగినప్పుడు తరచు పోయేది ఆ మొదటి అక్షరమే. ఊళ్ళ పేర్ల సంగతీ ఇంతే. మన చుట్టూ పల్లులు, గూడలు చాలా ఉన్నవి కనుక తోక మిగిలినా ఊరు తెలియదు. దొంతన్‌పల్లి నుండి మాట్లాడినా, శంకర్‌పల్లి నుండి మాట్లాడినా అవతల చేరేది “పల్లి”. ప్రొద్దుటూరు వారికి ఇంకొక చిక్కు. పేరు స్పష్టంగా వినిపించినా కడప జిల్లాలోనూ ఒక ప్రొద్దుటూరు ఉన్నది. రాష్ట్రాలు దాటిన సమావేశమైతే మండలం కూడా చెప్పవలసిందే.

అరిస్తే లాభం లేదు. పాత టెలిఫోను పద్ధతి సెకనుకు సుమారు 300 నుండి 3400 కంపనాల వరకే మోస్తుంది. స, శ, ఫ వంటి ధ్వనుల పదును చాలావరకు దానికి పైన ఉంటుంది గనుక జల్లెడలో నూకల వలె జారిపోతుంది. కొత్త ఫోన్లు ఎక్కువే మోస్తవి. కాని అనేకమందిని కలిపినచోట తరచు పాత కొలతే మిగులుతుంది. అరుపు ఆ జల్లెడ కన్నాలను పెద్దవి చేయదు, ధ్వనిని పగలగొడుతుంది.

మరి ఎట్లా చెప్పాలె? మీ వంతు రాగానే మైకు తెరిచి, ఒక శ్వాస ఆగి, “నమస్కారం” అనండి. తెగితే ఆ మాటే తెగుతుంది, నష్టం లేదు. తరువాత ఇట్లా:

“దొంతన్‌పల్లి. దొంతన్‌పల్లి. దొరలో దొ. శంకర్‌పల్లి మండలం. పాల సంఘం కార్యదర్శిని.” ఆ పైన మీ పేరు, అదీ రెండుసార్లు. “పాలు రెండు వందల అరవై లీటర్లు. రెండు, ఆరు, సున్న.”

పేరును మొదట మార్చకుండా అదే మాటగా రెండోసారి చెప్పాలె. మొదటిసారి సగం విన్నవాడు రెండోసారి తక్కిన సగం పట్టుకుంటాడు. “మా ఊరు”, “మన గ్రామం” అని మార్చితే అతనికి పట్టు దొరకదు. అంకెకు మాత్రం రెండోసారి విడివిడిగా చెప్పడమే మేలు. ఆరును, రెండును ఎవరూ కలిపి వినరు. నిదానమంటే అక్షరాలను సాగదీయడం కాదు. “దొం...త...న్” అంటే అది పేరు వలె వినిపించదు. మాటను మామూలుగానే పలికి, మాటకూ మాటకూ నడుమ ఆగాలె. మా డిప్లొమా రోజుల్లో ఇది ఎవరూ నేర్పలేదు, ఆ క్యాను నేర్పింది.

“వినిపించిందా?” అని మాత్రం అడగవద్దు. తప్పు విన్నవాడు కూడా “ఆఁ” అంటాడు. ఆ రోజు అదే జరిగింది. “ఎన్ని రాసుకున్నారు, చదవండి” అనండి. వారు “రెండు, రెండు, సున్న” అంటే అక్కడికక్కడే దిద్దవచ్చును. చెప్పడం అయిన వెంటనే మైకు మూయండి. తెరిచి ఉంచితే మీ స్పీకరులోని మాట మీ మైకులోకి తిరిగి పోయి, తరువాత మాట్లాడేవారికి తమ గొంతే తమకు అడ్డం వస్తుంది.

ఇంత చేసినా లైను మరీ చెడితే, లెక్కను రాసి సందేశంగా పంపడమే దారి.

ఇప్పుడు కార్యదర్శులు ఒక్కొక్కరు పక్క గదిలోకి పోయి ఫోను చేయండి. ఇక్కడ ఫ్యాను వేసి ఉంచుతాము. మీరు చెప్పింది సభ్యులే పలక మీద రాస్తారు.