బాకీ గుర్తుచేసే ఉత్తరం



చేసిన పనికి రావలసిన డబ్బు అడగడానికి మనలో చాలామందికి నోరు రాదు. అందులోనూ ఊరు చిన్నదై, ఇవ్వవలసినవారు తెలిసినవారైతే మరీ కష్టం. అడిగితే ఏమనుకుంటారోనని సంకోచం, అడగకపోతే ఇల్లు గడవదని బెంగ. ఈ రెండింటి మధ్య నలిగిన ఒక అమ్మాయి సంగతి ఈరోజు మీతో చెప్పాలనుకుంటున్నాను.

ఆమెది బళ్లారి. ఉద్యోగం కాదు, ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకొని ఎవరు పని ఇస్తే వారికి డిజైన్లు చేసి ఇస్తుంది. బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లు ఎన్ని ఉన్నాయో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అలాంటి యూనిట్ ఒకటి నడిపే పెద్దమనిషి 2025 మే నెలలో ఆమెకు పని ఇచ్చారు. ప్యాంటుకు వేలాడదీసే అట్ట ట్యాగు, నడుము పట్టీ మీద కుట్టే లేబులు, ప్యాకింగు కవరు, ఈ మూడింటికీ డిజైన్లు కావాలి. మొత్తం 24,000 రూపాయలు. సగం ముందుగా, మిగతా సగం బిల్లు ఇచ్చిన 15 రోజుల్లోగా ఇవ్వాలని మాట. ఆ మాటను మే 9న ఆమె వాట్సాప్‌లో రాసి పంపితే, ఆయన 'సరేనమ్మా' అని జవాబిచ్చారు. మరునాడే 12,000 వచ్చింది.

జూన్ 2న డిజైన్లు బాగున్నాయన్నారు. జూన్ 3న ఆమె బిల్లు పంపింది. జూన్ 18తో గడువు దాటింది. డబ్బు రాలేదు.

రెండు రోజులు చూసి జూన్ 20న ఇలా రాసింది: "అన్నా, ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉంది, వీలు చూసుకొని నా బిల్లు సంగతి కాస్త చూడండి." జవాబు లేదు. ఫోను చేస్తే, "సరుకు అమ్ముడుపోనీమ్మా, ఇస్తాను" అన్నారు.

ఆ సందేశంలో తప్పు ఎక్కడుందో చూడండి. ఏ బిల్లో లేదు, ఎంతో లేదు, ఎప్పటికి ఇవ్వాలో లేదు. 'వీలు చూసుకొని' అన్నాం కాబట్టి ఆయన వీలు చూసుకుంటారు. వ్యాపారంలో ఆ వీలు చిక్కడం అరుదు. ఇక ఇంటి ఇబ్బంది చెప్పడం వల్ల మనకు రావలసిన పైకం చేబదులు అడిగినట్టయింది. జీతం అడిగేవారు ఇంటి కష్టాలు చెప్పి అడగరు గదా!

ఆమె జూన్ 25న మళ్లీ రాసింది. ఈసారి ఉత్తరం ఇలా ఉంది:

"గౌరవనీయులైన యజమానిగారికి నమస్కారం.

విషయం: జూన్ 3 నాటి 14వ నంబరు బిల్లు, బాకీ 12,000 రూపాయలు.

ట్యాగు, లేబులు, ప్యాకింగు కవరు డిజైన్లకు సంబంధించి 03-06-2025న పంపిన 14వ నంబరు బిల్లులో 12,000 రూపాయలు ఇంకా రావలసి ఉంది. మొత్తం 24,000లో 12,000 మే 10న అందింది. మే 9న మనం అనుకున్న ప్రకారం మిగతా సగం బిల్లు తేదీ నుంచి 15 రోజుల్లో, అంటే జూన్ 18లోగా అందాలి. ఈరోజుకు గడువు దాటి 7 రోజులైంది.

పనుల ఒత్తిడిలో ఇది మరుగున పడి ఉండవచ్చు. జూన్ 30లోగా పంపించవలసిందిగా కోరుతున్నాను. ఇప్పటికే పంపి ఉంటే ఆ తేదీ తెలియజేయండి, నా లెక్క సరిచూసుకుంటాను. బిల్లులో ఏదైనా సందేహం ఉన్నా చెప్పండి.

బిల్లు నకలు, మే 9 నాటి సందేశం నకలు, బ్యాంకు వివరాలు దీనితో జతచేశాను. మీరు పని ఇచ్చినందుకు కృతజ్ఞతలు."

అంతే. ఇందులో కోపం లేదు, బతిమాలుకోవడమూ లేదు. మూడు సంగతులు మాత్రం కచ్చితంగా ఉన్నాయి: బిల్లు తేదీ, మొత్తం, ఒప్పుకున్న గడువు. నోటిమాటలో 'అన్నా' అని పిలిచే ఆమె, ఉత్తరంలో 'గారు' అని రాసింది. ఎందుకంటే ఆ ఉత్తరం ఆయన ఒక్కరే చదివేది కాదు, లెక్కలు రాసే గుమాస్తా చేతికీ వెళుతుంది. ఆ గుమాస్తాకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. అందుకే విషయం అన్న ఒక్క వరుసను కింద కన్నడంలో కూడా రాసింది. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తీరా చూస్తే జూన్ 3 నాటి బిల్లు యజమాని ఫోనులోనే ఉండిపోయింది, లెక్కల్లోకి ఎక్కనేలేదు. ఇక 'సరుకు అమ్ముడుపోయాక' అన్న మాటకు మే 9 నాటి సందేశమే జవాబు చెప్పింది. ఆయన అది చూసి, "అవునమ్మా, 15 రోజులనే అనుకున్నాం" అన్నారు. జూలై 2న డబ్బు వచ్చింది. అడిగిన తేదీకి రెండు రోజులు ఆలస్యమే అనుకోండి, కాని మాట చెడలేదు.

అన్ని కథలూ ఇలాగే ముగియవు. జవాబు రాకపోతే వారం పది రోజులు ఆగి, మొదటి ఉత్తరం తేదీ చెబుతూ రెండోది రాయాలి. ఆ తర్వాతే చట్టం మాట ఎత్తాలి. 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఇలాంటివారికి అండగా ఉంది. ఇంట్లో ఒక్కరే డిజైన్లు చేసేవారు కూడా ఉద్యమ్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. పని ఒప్పుకోకముందే నమోదై ఉండటం మంచిది. ఈ చట్టం ప్రకారం, రాతపూర్వకంగా గడువు పెట్టుకున్నా అది 45 రోజులు మించరాదు. అసలు పెట్టుకోకపోతే 15 రోజులే. అది దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా లెక్కకట్టి ఇవ్వాలి. ఫిర్యాదు రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిలుకు వెళుతుంది. అయితే ఇది మొదటి ఉత్తరంలో రాయవలసిన మాట కాదు. బిల్లు కనపడక ఆగినవారికి చట్టం చూపిస్తే, ఇచ్చే డబ్బు ఇస్తారు, మళ్లీ పని మాత్రం ఇవ్వరు.

శ్రోతలారా, ఆ అమ్మాయిని గట్టెక్కించింది జూన్ 25 నాటి ఉత్తరమే అయినా, దానికి బలమిచ్చింది మే 9 నాటి రెండు వరుసల సందేశం. అది లేకపోతే 15 రోజులన్నది ఆమె మాట, సరుకు అమ్మాక అన్నది ఆయన మాట అయ్యేవి. ఇప్పుడామె పని ఒప్పుకున్న రోజే గడువు రాసి సరే అనిపించుకుంటోంది. బిల్లులో కూడా '15 రోజుల్లో' అని వదిలేయకుండా, ఫలానా తేదీలోగా అని పైనే రాస్తోంది. ఆ పెద్దమనిషి దసరాకు ముందు మళ్లీ పని ఇచ్చారు. ఈసారి బిల్లు నేరుగా గుమాస్తాకే పంపమన్నారు.